ఫొటో తీసిన పేజీల నుంచి సారాంశం: ప్రొఫెసర్‌కు పంపే ఈమెయిల్‌లో ఏం చెప్పాలి?

పరిశోధక విద్యార్థులు ప్రొఫెసర్లకు తరచూ పంపే ఈమెయిల్ ఒకటుంది. ‘మేడమ్, మీరు చెప్పిన వ్యాసం సారాంశం జత చేశాను, దయచేసి చూడగలరు.’ అంతటితో అది ముగుస్తుంది. జత చేసిన రెండు పేజీలు చక్కగానే ఉంటాయి. కానీ విద్యార్థి ఆ వ్యాసాన్ని పూర్తిగా చూశాడా, ఏ ప్రతి నుంచి చూశాడు, అందులో రచయిత మాట ఎంత, విద్యార్థి మాట ఎంత అన్నది ఆ ఈమెయిల్‌ను బట్టి తెలియదు. లైబ్రరీలో ఫోన్‌తో తీసిన ఫొటోలు చూసి రాసిన సారాంశమైతే ఈ ప్రశ్నలు మరింత ముఖ్యమవుతాయి. పేజీకీ సారాంశానికీ మధ్య ఫొటో అనే ఇంకో మెట్టు చేరింది. ఆ మెట్టు మీద జారిపోయినవి సారాంశంలో కనిపించవు.

అంతా ఆన్‌లైన్‌లో దొరికే రోజుల్లో ఇంకా ఫొటోలు ఎందుకని అనిపించవచ్చు. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదించిన ‘ఒకే దేశం – ఒకే చందా’ పథకం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకూ, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలకూ దాదాపు 13,000 జర్నళ్ళను అందుబాటులోకి తెచ్చింది. ప్రైవేటు కళాశాలల విద్యార్థులు అందులో లేరు. పథకంలో ఉన్న సంస్థల్లో కూడా పాత సంపుటాలన్నీ తెర మీద తెరుచుకుంటాయన్న హామీ లేదు. అందుకే బైండు చేసిన పాత జర్నల్‌ను బల్ల మీద పరిచి, ఒక చేత్తో పేజీ నొక్కిపట్టి, మరో చేత్తో ఫొటో తీసే దృశ్యం మన విశ్వవిద్యాలయాల లైబ్రరీల్లో ఇప్పటికీ మామూలే.

ఇలా తయారైన సారాంశంతో పాటు వెళ్ళే ఈమెయిల్‌లో ఏముండాలో ఒక నిజమైన వ్యాసాన్ని తీసుకుని చూద్దాం.

ఒక వ్యాసం, మూడు చిరునామాలు

సామాజిక శాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఎం.ఎన్. శ్రీనివాస్ పేరు తెలుసు. ఆయన రాసిన ‘ఎ నోట్ ఆన్ సంస్కృతైజేషన్ అండ్ వెస్టర్నైజేషన్’ అనే వ్యాసం 1956 ఆగస్టులో ‘ది ఫార్ ఈస్టర్న్ క్వార్టర్లీ’ అనే అమెరికన్ జర్నల్‌లో వచ్చింది. అది 15వ సంపుటి, 4వ సంచిక, 481 నుంచి 496 వరకు పేజీలు. కులాలు పై కులాల ఆచారాలను స్వీకరించి సామాజిక హోదాలో పైకి రావడానికి చేసే ప్రయత్నాన్ని ఆయన సంస్కృతీకరణ అన్నారు. ఆ మాటను 1952లో వచ్చిన కూర్గుల పుస్తకంలోనే వాడారు. ఈ వ్యాసంలో దాన్ని పాశ్చాత్యీకరణతో పక్కపక్కన పెట్టి చర్చించారు.

ఈ వ్యాసాన్ని వెతుక్కుంటూ వెళ్ళిన విద్యార్థికి అది మూడు చోట్ల, మూడు పేర్ల కింద ఎదురు కావచ్చు. మొదటిది పైన చెప్పిన సంచికే. రెండోది జర్నల్ పేరు మార్పు వల్ల వచ్చే చిక్కు. ‘ది ఫార్ ఈస్టర్న్ క్వార్టర్లీ’ అనే పేరుతో వచ్చిన చివరి సంపుటం ఇదే. తర్వాతి సంపుటం నుంచి అది ‘ది జర్నల్ ఆఫ్ ఏషియన్ స్టడీస్’ అయింది. కాబట్టి ఏదైనా లైబ్రరీ పాత సంపుటాలన్నిటినీ కొత్త పేరుతో ఒకే వరుసలో పెట్టి ఉంటే, బైండు వీపు మీద ఉన్న పేరు చూసి రాసుకున్న విద్యార్థి జర్నల్ పేరు తప్పు రాస్తాడు. సంపుటి సంఖ్య సరిపోతుంది, పేజీలు సరిపోతాయి, పేరు మాత్రం ఆ నెలలో ఇంకా పుట్టనిది. మూడోది పునర్ముద్రణ. శ్రీనివాస్ ఈ వ్యాసాన్ని 1962లో వచ్చిన ‘కాస్ట్ ఇన్ మోడర్న్ ఇండియా అండ్ అదర్ ఎస్సేస్’ అనే తన పుస్తకంలో చేర్చారు. అక్కడ పేజీ సంఖ్యలు వేరు.

పుస్తకం నుంచి ఫొటోలు తీసి, ఇంటర్నెట్‌లో దొరికిన జర్నల్ వివరాలను సారాంశం పైన రాసేస్తే, లోపల ఇచ్చిన పేజీ సంఖ్యల్లో ఒక్కటి కూడా పైన ఇచ్చిన చిరునామాతో కలవదు. ప్రొఫెసర్ దగ్గర జర్నల్ ప్రతి ఉండి సరిచూడబోతే అక్కడ ఏమీ దొరకదు. సారాంశం సరైనదే అయినా అనుమానం మొదలవుతుంది.

అందువల్ల ఈమెయిల్ చెప్పాల్సిన మొదటి విషయం: నేను చూసిన ప్రతి ఏది? దీనికి సాక్ష్యం కూడా ఫొటోయే. వ్యాసం పేజీలతో పాటు సంచిక శీర్షిక పేజీని, అది లేకపోతే విషయసూచికను ఒక ఫొటో తీసుకుంటే జర్నల్ పేరు, సంపుటి, నెల అక్కడే ముద్రించి ఉంటాయి. బైండు వీపును గానీ లైబ్రరీ కేటలాగును గానీ నమ్ముకోనక్కరలేదు.

పదహారు పేజీలకు ఎన్ని ఫొటోలు?

రెండో విషయం సంపూర్ణత. 481 నుంచి 496 అంటే 16 పేజీలు. రెండేసి పేజీలు ఒక ఫొటోలో పట్టేలా తీస్తే 8 ఫొటోలు చాలనిపిస్తుంది. కానీ అచ్చు పుస్తకాల్లో బేసి సంఖ్య పేజీ ఎప్పుడూ కుడివైపున ఉంటుంది. 481 బేసి కాబట్టి అది కుడివైపున వస్తుంది. దాని ఎడమన ఉన్న 480 ఈ వ్యాసంలోది కాదు. ఆ తర్వాత 482–483, 484–485 అంటూ 494–495 వరకు ఏడు జంటలు వస్తాయి. చివరి 496 మళ్ళీ ఎడమవైపున ఒంటరిగా మిగులుతుంది. మొత్తం 9 ఫొటోలు కావాలి.

ఫోన్‌లో 8 ఫొటోలే ఉంటే ఒకటి తప్పిపోయినట్టే. రెండు పేజీలు ఒకేసారి తిరిగిపోవడం పాత సంపుటాలతో తరచూ జరిగేదే. పేజీ సంఖ్యల వరుస చూస్తే ఆ లోటు వెంటనే తెలిసిపోతుంది. అయితే ఆ సంఖ్య సాధారణంగా పై మూలలోనో కింది మూలలోనో ఉంటుంది, ఫొటో తీసేటప్పుడు ముందు తెగిపోయేవీ ఆ మూలలే. అప్పుడు ఇంకో పరీక్ష ఉంది. ప్రతి పేజీ చివరి వాక్యం తర్వాతి పేజీ మొదటి లైనులో అతుకుతోందా అని చూడాలి. 487 చివర అసంపూర్ణంగా ఆగిన వాక్యం 490 మొదటి లైనుతో కలవదు. చాలాసార్లు వ్యాకరణమే ఆ సంగతి చెబుతుంది. అరుదుగా రెండు సగాలు పొరపాటున అతికినట్టు కనిపిస్తాయి. పేజీ కొత్త పేరాతో మొదలైతే ఈ పరీక్ష పనిచేయదు. అందుకే రెండు పరీక్షలూ కావాలి.

తప్పిపోయిన జంట వల్ల సారాంశంలో ఖాళీ కనిపించదు. అసలు ప్రమాదం అదే. చదివేవాడు తనకు తెలియకుండానే ముందు మాటకూ వెనక మాటకూ మధ్య ఒక వంతెన కట్టేస్తాడు. ‘కాబట్టి’ అని ఒక మాట వేస్తాడు. ఆ ‘కాబట్టి’ రచయితది కాదు.

బైండింగు మింగేసిన మాట

మూడో విషయం ఫొటోలో చదవలేకపోయిన చోట్లు. బైండు చేసిన లావుపాటి సంపుటం పూర్తిగా తెరుచుకోదు. లోపలి అంచు దగ్గర కాగితం వంగి, అక్షరాలు సన్నబడి, చివరికి నీడలోకి పోతాయి. ఎడమ పేజీలో అది లైన్ల చివర, కుడి పేజీలో లైన్ల మొదట్లో జరుగుతుంది. ఇంగ్లిషులో లైను చివర పోయేది చాలాసార్లు రెండు మూడు అక్షరాల చిన్న మాట. ఆ చిన్న మాటే ‘కాదు’, ‘లేదు’ అనే అర్థమిచ్చేది కావచ్చు.

శ్రీనివాస్ వ్యాసంలోనే దీని బరువు తెలిసే చోటు ఒకటుంది. సంస్కృతీకరణ ప్రతి కులానికీ ఫలితం ఇవ్వదని చెప్పడానికి ఆయన దక్షిణ భారత విశ్వకర్మలను ఉదాహరణగా తీసుకుంటారు. వారు తమను విశ్వకర్మ బ్రాహ్మణులుగా చెప్పుకొన్నారు, ఆచారాలనూ అలాగే మలుచుకున్నారు, అయినా ఆ హోదాను ఇతర కులాలు అంగీకరించలేదు. ఈ వాక్యంలోని నిరాకరణ మాట బైండింగు నీడలో పడి కనబడకపోతే ఉదాహరణ తలకిందులవుతుంది. ‘ఆచారాలు మార్చుకుంటే హోదా వస్తుంది’ అన్నదానికి విశ్వకర్మలు సాక్ష్యమైపోతారు. రచయిత సాక్ష్యంగా తెచ్చింది సరిగ్గా దానికి విరుద్ధమైన సంగతికి.

ఫోన్‌లో అక్షరాలను గుర్తించి టైపు చేసిపెట్టే సదుపాయం వాడితే ఈ చిక్కు తగ్గదు, దాక్కుంటుంది. ఫొటోలో నీడగా కనిపించే చోటు టైపైన పాఠంలో నీడగా కనిపించదు. మాట ఎగిరిపోయి వాక్యం సాఫీగా ఉంటుంది, లేదా పోయిన మాట స్థానంలో ఇంకో మాట వస్తుంది. వంగిన పేజీలో ఒక లైను మొదటి సగం పై లైను రెండో సగంతో కలిసిపోవడం కూడా జరుగుతుంది. అడుగున ఉన్న చిన్న అక్షరాల నోటు తర్వాతి పేజీ మొదటి వాక్యంలోకి చొరబడి, వేరే రచయిత అభిప్రాయం శ్రీనివాస్ నోట పలుకుతుంది. కాబట్టి టైపైన పాఠం మీద ఆధారపడి రాసి ఉంటే ఆ సంగతి ఈమెయిల్‌లో చెప్పాలి. కొటేషన్ గుర్తుల్లో పెట్టిన ప్రతి వాక్యాన్నీ ఫొటోతో పోల్చి చూశామని కూడా చెప్పగలగాలి.

గుర్తున్నది, చదివింది

నాలుగోది అన్నిటికన్నా పట్టుకోవడం కష్టమైనది. నెట్ పరీక్షకో సెట్ పరీక్షకో చదువుకున్న విద్యార్థికి సంస్కృతీకరణ నిర్వచనం ముందే కంఠతా వచ్చి ఉంటుంది. దానితో పాటు ఇంకో వాక్యమూ వచ్చి ఉంటుంది: సంస్కృతీకరణ వల్ల వ్యవస్థలో ఒక కులం స్థానం మారుతుందే తప్ప వ్యవస్థ నిర్మాణం మారదు. ఈ రెండూ పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది ప్రధానంగా శ్రీనివాస్ 1966లో ప్రచురించిన ‘సోషల్ చేంజ్ ఇన్ మోడర్న్ ఇండియా’ నుంచి.

1956 వ్యాసం ఫొటోలు ముందు పెట్టుకుని సారాంశం రాస్తున్నప్పుడు, మనసులో ఉన్న 1966 నిర్వచనం కలంలోకి దిగుతుంది. విద్యార్థి అబద్ధం రాయడం లేదు. ఆ రచయిత ఆ మాట అన్నాడు. కానీ ఆ పదేళ్ళలో శ్రీనివాస్ ఆలోచన ఎలా మారిందన్నదే అధ్యాయం విషయమైతే, ఈ ఒక్క కలగాపులగంతో అధ్యాయమే కూలిపోతుంది. పైగా సారూప్యతను కొలిచే సాఫ్ట్‌వేర్ దీన్ని పట్టుకోలేదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు సారూప్యతకు శిక్ష లేదు. 10 దాటి 40 శాతం వరకు ఉంటే థీసిస్‌ను సవరించి ఆరు నెలల్లోపు మళ్ళీ ఇవ్వాలి. 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఆ లెక్కలన్నీ మాటల పోలికకు సంబంధించినవి. ఒక మాట ఏ ఏటి పుస్తకంలోదో వాటికి తెలియదు. అది తెలిసే అవకాశం ఉన్నది విద్యార్థికీ, సారాంశాన్ని తిప్పి చూసే ప్రొఫెసర్‌కే.

దీనికి విరుగుడు చిన్నదే. సారాంశంలో ప్రతి వాక్యం చివరా పేజీ సంఖ్య వేయాలి. ఏ పేజీ వేయాలో తోచని వాక్యం ఎదురైతే అది ఆ ఫొటోల్లోంచి వచ్చింది కాదు. దాన్ని తీసేయాలి, లేదా ‘నా వ్యాఖ్య’ అనే విడి శీర్షిక కిందకు మార్చాలి.

రెండు ఈమెయిళ్ళు

ఇప్పుడు ఈ నాలుగు విషయాలూ ఒక ఈమెయిల్‌లో ఎలా కుదురుతాయో చూద్దాం. మన విద్యార్థులు దీన్ని ఎక్కువగా ఇంగ్లిషులోనే రాస్తారు. భాష ఏదైనా ఉండాల్సిన సంగతులు ఇవే. కింద ఇచ్చింది నమూనా మాత్రమే. అందులోని మసకలూ చిరుగులూ ఏదో ఒక లైబ్రరీ ప్రతికి ఉండగల లోపాలుగా ఊహించుకున్నవి.

> సబ్జెక్టు: శ్రీనివాస్ 1956 వ్యాసం – సారాంశం, రెండు చోట్ల మీ సలహా కావాలి
>
> నమస్కారం మేడమ్,
>
> రెండో అధ్యాయం కోసం మీరు చదవమన్న ఎం.ఎన్. శ్రీనివాస్ వ్యాసం సారాంశం (2 పేజీలు) జత చేశాను. నేను చూసింది మొదటి ప్రచురణ: ది ఫార్ ఈస్టర్న్ క్వార్టర్లీ, సంపుటి 15, సంచిక 4, ఆగస్టు 1956, పేజీలు 481–496. 1962 పుస్తకంలోని పునర్ముద్రణ నేను చూడలేదు.
>
> మన లైబ్రరీలోని బైండు సంపుటం నుంచి ఫోన్‌తో తీసిన 9 ఫొటోల ఆధారంగా రాశాను. 16 పేజీలూ ఉన్నాయి, వరుస సరిచూశాను. 488వ పేజీలో కింది ఆరు లైన్ల చివరి మాటలు బైండింగులోకి పోయాయి. ఆ లైన్లను సారాంశంలో వాడలేదు. గురువారం మళ్ళీ వెళ్ళి చూస్తాను. మిగతా పేజీలు స్పష్టంగా ఉన్నాయి.
>
> ప్రతి వాక్యం చివర ఉన్నది జర్నల్ పేజీ సంఖ్య. కొటేషన్ గుర్తుల్లో ఉన్న మూడు వాక్యాలను ఫొటోతో అక్షరం అక్షరం పోల్చాను. మిగతాది నా మాటల్లో రాసింది. చివర ‘నా వ్యాఖ్య’ కింద ఉన్న పేరా వ్యాసంలోది కాదు, 1966 పుస్తకంతో నేను చేసిన పోలిక.
>
> మీ సలహా కావలసినవి రెండు:
> 1. ‘స్మిత్స్’ అన్న మాటను సారాంశంలో ‘విశ్వకర్మలు’ అని రాశాను. ‘కమ్మరులు’ అంటే అర్థం కుదించుకుపోతుందని అనిపించింది. సరేనా?
> 2. 1966 పుస్తకంతో పోలిక ఈ అధ్యాయంలోనే ఉండాలా, మూడో అధ్యాయానికి మార్చాలా?
>
> పేజీల ఫొటోలను ఒకే పీడీఎఫ్‌గా విడిగా జత చేశాను. అవి మీరు సరిచూడడానికి మాత్రమే.
>
> వచ్చే సోమవారం సమావేశానికి ముందు మొదటి ప్రశ్నకు జవాబు తెలిస్తే అధ్యాయం సవరించుకుంటాను.
>
> మీ విద్యార్థిని

దీన్ని మొదట్లో చెప్పిన ఒక్క లైను ఈమెయిల్‌తో పోల్చి చూడండి. ఒక్క లైను ఈమెయిల్ అందుకున్న ప్రొఫెసర్‌కు రెండే దారులు. సారాంశాన్ని గుడ్డిగా నమ్మాలి, లేదా వ్యాసాన్ని తానే మొదటి నుంచి చదవాలి. ఏడెనిమిది మంది విద్యార్థులను చూసుకునే వారికి రెండో దానికి తీరిక ఉండదు కాబట్టి చాలాసార్లు మొదటిదే జరుగుతుంది. పై నమూనా మూడో దారి తెరుస్తుంది. సారాంశంలో ముఖ్యమైన వాక్యాలు రెండు మూడు ఎంచుకుని, పక్కనున్న పేజీ సంఖ్య చూసి, ఫొటోలో ఆ పేజీ తెరిచి పోల్చుకోవచ్చు. అవి సరిపోతే మిగతాదాన్ని ఎంతవరకు నమ్మవచ్చో ఒక అంచనా వస్తుంది. ఒకటి తప్పితే మొత్తం తిప్పి పంపవచ్చు.

‘విశ్వకర్మలు’ ప్రశ్న ఈమెయిల్‌లోకి ఎందుకు వచ్చిందో కూడా గమనించాలి. ఇంగ్లిషు మాటను నిఘంటువు చూసి మార్చితే ‘కమ్మరులు’ అవుతుంది. కానీ కంసాలి, వడ్రంగి, కంచరి, కాసె పనివారితో కలిపి అయిదు వృత్తులను పంచాణంవారు అనడం, విశ్వబ్రాహ్మణులు అనే పేరుతో వారు తమను చెప్పుకోవడం తెలుగువారికి తెలిసిన సంగతే. బ్రాహ్మణ హోదా కోసం జరిగిన పోటీ ఆ మొత్తం సముదాయానిది. ఇంగ్లిషు వ్యాసానికి తెలుగులోనో, తెలుగులో ఆలోచించో సారాంశం రాసేటప్పుడు ఇలాంటి ఎంపికలు నాలుగైదు తప్పవు. సారాంశం లోపల అవి నిశ్శబ్దంగా జరిగిపోతాయి. ఈమెయిల్‌లో చెబితే ప్రొఫెసర్ చూపు సరిగ్గా అక్కడ పడుతుంది.

నమూనాలో క్షమాపణలు లేవన్నది కూడా చూడండి. ‘ఫొటోలు సరిగా రాలేదు, మన్నించండి’ అంటే ఎన్ని సరిగా రాలేదో, ఎక్కడో తెలియదు. ‘488వ పేజీలో కింది ఆరు లైన్లు’ అంటే తెలుస్తుంది. ప్రొఫెసర్‌కు ఉపయోగపడేది రెండోది.

జోడింపులు, హక్కులు

ఫొటోలను ఉన్నవి ఉన్నట్టుగా జత చేస్తే ఇంకో ఇబ్బంది ఉంది. ఇప్పటి ఫోన్లలో ఒక్కో ఫొటో మూడు నాలుగు ఎంబీ దాటుతుంది. తొమ్మిది ఫొటోలు కలిస్తే జీమెయిల్ అనుమతించే 25 ఎంబీ పరిమితిని మించిపోవచ్చు. అప్పుడు అది వాటిని డ్రైవ్ లింకుగా మారుస్తుంది. తెరిచే అనుమతి ఇవ్వకుండా పంపితే ప్రొఫెసర్‌కు వ్యాసానికి బదులు ‘అనుమతి అడగండి’ అన్న తెర కనిపిస్తుంది. ఐఫోన్ ఫొటోలు `.heic` రూపంలో ఉంటే విభాగంలోని పాత కంప్యూటర్లలో తెరుచుకోకపోవచ్చు. అన్నిటినీ వరుసలో పెట్టి ఒకే పీడీఎఫ్‌గా చేస్తే రెండు చిక్కులూ తీరతాయి. పరిమాణం తగ్గించేటప్పుడు మాత్రం అడుగున ఉన్న చిన్న అక్షరాల నోట్సు చదవగలిగేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఫైలుకు `summary_final2.pdf` లాంటి పేరు కాకుండా `Srinivas_1956_summary.pdf`, `Srinivas_1956_481-496_photos.pdf` అని పెడితే ఆరు నెలల తర్వాత వెతికినా దొరుకుతాయి.

పేజీలు ఫొటో తీయడం చట్టానికి వ్యతిరేకమా అన్న సందేహం విద్యార్థులకు వస్తుంది. మన 1957 కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్, పరిశోధనతో సహా సొంత ఉపయోగానికి కాపీరైటు ఉన్న రచనను న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని ఉల్లంఘనగా చూడదు. బోధనలో భాగంగా ఉపాధ్యాయుడో విద్యార్థో చేసే ప్రతులకు అదే సెక్షన్‌లో వేరే మినహాయింపు ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోని ఫొటోకాపీ దుకాణం మీద విదేశీ ప్రచురణ సంస్థలు వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2016లో ఈ రెండో మినహాయింపును విశాలంగానే అన్వయించింది. ఒక విద్యార్థి తన పరిశోధన కోసం తీసిన పేజీలను, సరిచూడడానికి తన పర్యవేక్షకురాలికి పంపడం ఈ స్ఫూర్తికి లోబడినదే. ఆ పీడీఎఫ్‌నే అందరూ దించుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టడం వేరే సంగతి. నమూనాలో ‘సరిచూడడానికి మాత్రమే’ అన్న మాట ఆ గీతను గుర్తుచేస్తుంది. ప్రొఫెసర్ ఆ ఈమెయిల్‌ను ఇంకొకరికి పంపేటప్పుడు సారాంశాన్ని మాత్రమే పంపాలన్న సూచన కూడా అందులో ఉంది.

ఈమెయిల్ చేయలేనిది

ఇవన్నీ పాటించినా ఒక పరిమితి మిగులుతుంది. పేజీలు పూర్తిగా ఉన్నాయా, అక్షరాలు కనిపించాయా, ఏ మాట ఎవరిది అన్నవి ఈమెయిల్ చెప్పగలదు. వ్యాసం అర్థమైందా అన్నది చెప్పలేదు. ఉదాహరణకు శ్రీనివాస్ తన ప్రక్రియను ‘బ్రాహ్మణీకరణ’ అనకుండా ‘సంస్కృతీకరణ’ అనడానికి కారణం ఇస్తారు. వేదకాలపు బ్రాహ్మణులు సోమం తాగారు, మాంసం తిన్నారు, జంతువులను బలి ఇచ్చారు. తర్వాతి కాలంలో వాటిని వదిలేశారు. అంటే కింది కులాలు అనుసరిస్తున్న నమూనా కూడా కాలంతో మారుతూ వచ్చినదే. ప్రతి వాక్యానికీ పేజీ సంఖ్య వేసిన విద్యార్థి కూడా దీన్ని ఒక చారిత్రక విశేషంగా రాసి వదిలేయవచ్చు. అది పదాన్ని ఎంచుకోవడం వెనకున్న వాదన అని గ్రహించకపోవచ్చు. ఆ లోటు బయటపడేది సోమవారం నాటి సమావేశంలోనే.

కానీ ఆ సమావేశం ఆ సంగతి మీదే జరగాలంటే, ‘ఈ పేజీ ఎక్కడిది’, ‘ఇది ఆయన అన్నాడా నువ్వన్నావా’ అన్న ప్రశ్నలు అప్పటికే తేలిపోయి ఉండాలి. వాటిని తేల్చడానికి ఈమెయిల్‌లో నాలుగు పేరాలు, లైబ్రరీలో శీర్షిక పేజీకి ఒక అదనపు ఫొటో సరిపోతాయి.